చనుమొన వెనక గడ్డ: మగవాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

రొమ్ము క్యాన్సర్ కేసుల్లో మగవాళ్లవి దాదాపు ఒక శాతమే. అంత అరుదు కాబట్టి మగవాళ్లందరికీ ఏటేటా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీసే పద్ధతి లేదు. అంటే ఈ జబ్బును మొదట పట్టుకోవలసింది ఆ మనిషి చేతివేళ్లే. రొమ్ములో కణజాలం తక్కువ గనుక గడ్డ తొందరగానే చేతికి తగలాలి, నిజానికి తగులుతుంది కూడా. ఆలస్యం జరిగేది ఆ తర్వాతే. "కొవ్వు గడ్డలే", "ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుంది", "మగాడికి రొమ్ము క్యాన్సరేమిటి" అనుకుంటూ నెలలు గడిపేస్తారు. ఒక్కోసారి మొదట చూసిన డాక్టరు కూడా అదే మాట అంటారు.

మగవాళ్లలో ఈ ఆలస్యం ఖరీదైనది. వాళ్లకి రొమ్ము కణజాలం చనుమొన వెనక పలుచటి పొరలా మాత్రమే ఉంటుంది. గడ్డకీ పైచర్మానికీ, గడ్డకీ లోపలి ఛాతీ కండరానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఆడవాళ్లలో ఇంకా రొమ్ము మధ్యలోనే ఉండే చిన్న గడ్డ, మగవాళ్లలో అదే పరిమాణానికి చర్మాన్ని పట్టేయవచ్చు. చర్మం పుండు పడితే, గడ్డ చిన్నదైనా జబ్బు దశ పైకి వెళ్తుంది.

ఏది మామూలు వాపు, ఏది కాదు

మగవాళ్ల రొమ్ములో కనిపించే వాపుల్లో ఎక్కువ భాగం గైనకోమాస్టియా, అంటే హార్మోన్ల తేడా వల్ల పెరిగిన మామూలు కణజాలం. అది చనుమొన చుట్టూ సమంగా, గుండ్రటి బిళ్లలా, రబ్బరులా సాగుతూ ఉంటుంది. తరచు రెండు వైపులా వస్తుంది, కొత్తలో నొక్కితే నొప్పి పెడుతుంది. క్యాన్సర్ గడ్డ సాధారణంగా ఒకే వైపు ఉంటుంది. గట్టిగా, అంచులు ఎగుడుదిగుడుగా, చాలాసార్లు చనుమొన వెనకే, కానీ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి జరిగి తగులుతుంది. చాలామందికి నొప్పే ఉండదు, అందుకే పట్టించుకోరు. నొప్పి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదని తేల్చేయడానికీ లేదు.

చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం, దాని చుట్టూ మానని పొక్కు, బనియన్ మీద నెత్తుటి మరక, చంకలో గట్టి బిళ్ల. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వారం పది రోజుల్లో డాక్టర్ దగ్గర ఉండాలి. పొక్కును చర్మవ్యాధి అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్ రాసుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇంకొక ఉచ్చు మందులది. గుండె జబ్బుకీ బీపీకీ వాడే స్పైరోనోలాక్టోన్, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని హార్మోన్ మందులు గైనకోమాస్టియా తెప్పిస్తాయి, అది నిజమే. కానీ ఒకే వైపు గట్టి గడ్డ ఉన్న మనిషి ఆ మాత్రలు వేసుకుంటున్నాడని పరీక్ష మానేస్తే ప్రమాదమే. మాత్ర వేసుకోవడం క్యాన్సర్‌కి అడ్డేమీ కాదు కదా.

చూసుకోవడం కష్టం కాదు. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో మూడు వేళ్ల మెత్తటి భాగాన్ని ఆనించి, చనుమొన చుట్టూ పక్కటెముకల మీదికి నొక్కుతూ తిప్పాలి. రెండో వైపుతో పోల్చాలి, చివర చంక తడమాలి. నెలకొకసారి చాలు. సగటున ఈ జబ్బు అరవై దాటాకే బయటపడుతుంది. ఇంట్లో రొమ్ము లేక అండాశయ క్యాన్సర్లు ఉన్నవాళ్లు, పుట్టుకతోనే అదనపు ఎక్స్ క్రోమోజోమ్ ఉన్నవాళ్లు (క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్), లివర్ సిరోసిస్ ఉన్నవాళ్లు, చిన్నతనంలో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు అంతదాకా ఆగకూడదు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, ఆ లోపం ఉందని తెలిసిన మగవాళ్లైతే 35 ఏళ్ల నుంచి తామూ చూసుకుంటూ, ఏటా డాక్టర్‌కి కూడా చూపించుకోవాలి.

ఒక కేసు వరసగా

64 ఏళ్ల మనిషికి ఎడమ చనుమొన వెనక ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు గట్టి గడ్డ ఉందనుకుందాం. చనుమొన కాస్త లోపలికి లాగి ఉంది, చంకలో చేతికి ఏమీ తగలలేదు. మొదట రెండు వైపులా మామోగ్రామ్ తీయాలి. మగవాళ్లకీ అదే మెషిన్, బాగానే పనిచేస్తుంది. తర్వాత రొమ్ముకీ చంకకీ అల్ట్రాసౌండ్. అనుమానం నిలిస్తే కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో సన్నటి ముక్కలు తీయడం. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. సన్న సూదితో తీసిన కణాలతోనే సరిపెట్టుకోవద్దు, జబ్బు చుట్టుపక్కలకి పాకిందో లేదో ఆ కణాలు చెప్పలేవు. "ముందు గడ్డ తీసేసి చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు, నిర్ధారణ లేకుండా కోస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోయి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వస్తుంది.

రిపోర్టులో క్యాన్సర్ అనే మాటొక్కటే చాలదు. గడ్డ కణాల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయా, గడ్డ పెరుగుదలకి తోడ్పడే హెర్2 అనే ప్రొటీన్ ఎంత అన్నది కూడా ఉండాలి, లేకపోతే అడగాలి. మగవాళ్లలో పదింట తొమ్మిది గడ్డలకి ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉంటాయి, ఈ మనిషిదీ అంతే, హెర్2 నెగెటివ్.

ఇక్కడి నుంచి దారి ఆడవాళ్ల వైద్యానిదే. మగవాళ్లకి కణజాలం తక్కువ, గడ్డ చనుమొన కిందే ఉంటుంది కాబట్టి ఎక్కువగా రొమ్మంతా తీసేస్తారు, అనువైన చోట గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వడమూ ఉంది. చంకలో మొదట సెంటినల్ గ్రంథులు, అంటే గడ్డ నుంచి ద్రవం మొట్టమొదట చేరే ఒకటి రెండు గ్రంథులు తీసి చూస్తారు. వాటిలో జబ్బు లేకపోతే చంకంతా తవ్వరు, చేయి వాపు బాధ తప్పుతుంది. ఈ మనిషికి ఒక గ్రంథిలో జబ్బు దొరికింది. కీమో కావాలా, రేడియేషన్ కావాలా అన్నది ఆడవాళ్లకి వేసే లెక్కతోనే తేలుస్తారు. హెర్2 పాజిటివ్ అయి ఉంటే దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు కూడా వచ్చి చేరేది.

తేడా వచ్చేది హార్మోన్ మాత్రలోనే. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి శరీరంలో ఈస్ట్రోజన్ తయారీని తగ్గించే అనాస్ట్రజోల్, లెట్రోజోల్ లాంటివి ఎక్కువగా రాస్తారు. మగవాళ్లలో అవి ఒక్కటే వాడితే చాలవు, ఎందుకంటే మెదడు నుంచి వచ్చే హార్మోన్ సంకేతం పెరిగి వృషణాలు మళ్లీ పని అందుకుంటాయి. వాడక తప్పకపోతే వృషణాలను అణిచే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. అందుకని మొదటి మందు, ఈస్ట్రోజన్‌ని గ్రాహకాల దగ్గరే అడ్డుకునే టమోక్సిఫెన్, రోజుకి 20 మిల్లీగ్రాములు, కనీసం అయిదేళ్లు.

మగవాళ్లు దీన్ని మధ్యలో మానేయడం తరచు కనబడుతుంది. ఒళ్లు వేడెక్కడం, బరువు పెరగడం, లైంగిక కోరిక తగ్గడం కారణాలు. సిగ్గుపడి చెప్పకుండా మానేస్తారు, డాక్టరేమో వేసుకుంటున్నాడనుకుంటారు. చెబితే సర్దుబాటు చేయగలిగినవి చాలానే ఉన్నాయి. కాలు ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఊపిరి అందకపోయినా రక్తం గడ్డ కట్టిందేమోనని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో ఆపరేషన్ ఉంటే ముందే ఈ మాత్ర సంగతి చెప్పాలి. డిప్రెషన్‌కి పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి, అవి టమోక్సిఫెన్ శరీరంలో చురుకైన మందుగా మారడాన్ని తగ్గిస్తాయి. శక్తి కోసమని టెస్టోస్టెరోన్ తీసుకోవద్దు, అందులో కొంత శరీరంలోనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి మగవాడికీ జన్యు పరీక్ష చేయించాలి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా సరే. ఈ మనిషికి బీఆర్‌సీఏ2 లోపం బయటపడితే ఒక్కొక్క బిడ్డకీ అది వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకైనా కూతురైనా. కూతుళ్లకి లోపం ఉంటే రొమ్ము పరీక్షలు ముందే మొదలవుతాయి. కొడుకులకి లోపం ఉంటే ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష 40 ఏళ్లకే మొదలుపెడతారు.