కిరణజన్య సంయోగక్రియ, 3వ భాగం: వెలుతురు ఏ మెట్టుకు కావాలి, ఏ మెట్టుకు అక్కర్లేదు?

ఆకు లోపలి నిర్మాణం, పత్రహరితం గత రెండు భాగాల్లో అయిపోయాయి. ఈ భాగంలో ఒక్క ప్రశ్న తీసుకుందాం. కాంతి చర్యకు వెలుతురు కావాలి, నిష్కాంతి చర్యకు అక్కర్లేదు అని పదో తరగతి నుంచీ చదువుతున్నాం. మరి నిష్కాంతి చర్య రాత్రిపూట జరుగుతుందా? చాలామంది అవుననే రాస్తారు, అది తప్పు. ఎందుకు తప్పో మూడు గ్లాసులతో ఇంట్లోనే చూడొచ్చు.

ముందు రెండు మెట్లూ క్లుప్తంగా. హరితరేణువులోని థైలకాయిడ్ పొరల్లో ఉన్న పత్రహరితం వెలుతురును పీల్చుకుంటుంది. ఆ శక్తితో నీటి అణువులు చీలుతాయి. రెండు నీటి అణువులు చీలితే ఒక ఆక్సిజన్ అణువు, నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు వస్తాయి. ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వెళ్లి చివరికి ఎన్ఏడీపీ అనే అణువును చేరతాయి, అది ఎన్ఏడీపీహెచ్ అవుతుంది. ప్రోటాన్లు పొర లోపల పోగుపడి, బయటికి వచ్చే దారిలో ఏటీపీని తయారుచేయిస్తాయి. వెలుతురు నేరుగా పనిచేసేది ఇక్కడే. బయటికి వచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ది కాదు, నీటిది.

రెండో మెట్టు పొరల చుట్టూ ఉండే ద్రవంలో, అంటే స్ట్రోమాలో జరుగుతుంది. రుబిస్కో అనే ఎంజైము ఒక కార్బన్ డయాక్సైడ్‌ను ఐదు కార్బన్ల ఆర్‌యూబీపీకి అతికిస్తుంది. వెంటనే అది రెండుగా విడిపోయి, మూడేసి కార్బన్ల పీజీఏ అణువులు రెండు వస్తాయి. వాటిని చక్కెర దారికి తేవడానికి, ఖర్చయిన ఆర్‌యూబీపీని మళ్లీ తయారుచేసుకోవడానికి, ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు 3 ఏటీపీ, 2 ఎన్ఏడీపీహెచ్ కావాలి. ఒక గ్లూకోజ్‌కు సరిపడా ఆరు కార్బన్లు చేరాలంటే 18 ఏటీపీ, 12 ఎన్ఏడీపీహెచ్. ఈ మెట్టులో ఎక్కడా వెలుతురును పీల్చుకునే అణువు లేదు. అందుకే దానికి నిష్కాంతి చర్య అని పేరు.

ఇప్పుడు ప్రయోగం. రైతుబజార్లో దొరికే తాజా పాలకూర తీసుకోండి. వాడిపోయిన ఆకు, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులున్న ఆకు వద్దు. పేపర్ పంచ్‌తో, లావు ఈనెలు తప్పించి, 30 బిళ్ళలు కొట్టండి. 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో టీస్పూనులో ఎనిమిదో వంతు వంట సోడా కలపండి. బిళ్ళలకు కార్బన్ డయాక్సైడ్ అందేది ఈ సోడాలోని బైకార్బొనేట్ నుంచే. వేరే పాత్రలో సోడా లేకుండా 150 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పెట్టుకోండి. రెండింటిలోనూ గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్కో చుక్క వేసి, నురగ రాకుండా మెల్లగా తిప్పండి. బ్యాటరీల్లో పోయడానికి అమ్మే నీళ్లు చాలు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు మాత్రం వద్దు. హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, వాటిలో బైకార్బొనేట్ ముందే ఉంటుంది. అవి పోస్తే సోడా లేని గ్లాసు కూడా సోడా ఉన్నట్టే ప్రవర్తించి ఫలితం చెడుతుంది.

సూది తీసేసిన 10 మి.లీ. సిరంజిలో పది బిళ్ళలు వేసి, 5 మి.లీ. సోడా నీళ్లు పీల్చండి. లోపలి గాలిని బయటికి నెట్టి, మూతిని వేలితో మూసి, పిస్టన్ వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోండి. ఆకు కణాల మధ్యనున్న గాలి బుడగలుగా బయటికి వస్తుంది. వేలు తీయగానే ఆ ఖాళీల్లోకి నీళ్లు వెళ్తాయి. రెండు మూడుసార్లు చేస్తే బిళ్ళలు మునుగుతాయి. మునగకపోతే చాలావరకు సబ్బు చుక్క తక్కువైనట్టు. అదేపనిగా గట్టిగా లాగితే కణాలు చిట్లుతాయి, అలాంటి బిళ్ళలు ముదురు రంగుకు మారి తర్వాత ఎంతసేపున్నా లేవవు.

మొదటి రెండు గ్లాసుల్లో సోడా నీళ్లు, మూడోదాంట్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, పదేసి బిళ్ళలు వదలండి. మూడో గ్లాసు బిళ్ళలకు సిరంజిలో కూడా సోడా లేని నీళ్లే పీల్చాలి. రెండో గ్లాసుకు పైనుంచి కింది దాకా అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. మిగతా రెండింటినీ 9 వాట్ల ఎల్ఈడీ బల్బుకు ఒక జానెడు దూరంలో పెట్టండి. నేరుగా ఎండలో పెడితే నీళ్లు వేడెక్కి, కరిగి ఉన్న గాలి బుడగలై బిళ్ళలను లేపేస్తుంది. వంట సోడా బదులు బేకింగ్ పౌడర్ వాడినా ఇదే జరుగుతుంది, దానిలో ఆమ్లం కూడా ఉంటుంది మరి.

మొదటి గ్లాసులో బిళ్ళలు కొద్ది నిమిషాల్లోనే ఒక్కొక్కటిగా పైకి తేలడం మొదలవుతుంది. కణాల మధ్య ఆక్సిజన్ నిండుతోందన్నమాట. ఫాయిల్ చుట్టిన గ్లాసులో అన్నీ అడుగునే ఉంటాయి. ఇది ఊహించిందే. అసలు చూడాల్సింది మూడో గ్లాసు. అక్కడ వెలుతురుంది, నీళ్లున్నాయి, పత్రహరితం ఉంది. ఆక్సిజన్ విడుదలకు కార్బన్ డయాక్సైడ్‌తో పని లేదని ఇంతకుముందే చెప్పుకున్నాం. అయినా బిళ్ళలు చాలావరకు అడుగునే పడి ఉంటాయి.

ఎందుకంటే ఎలక్ట్రాన్లు దిగడానికి ఖాళీ ఎన్ఏడీపీ కావాలి. కార్బన్ డయాక్సైడ్ లేకపోతే నిష్కాంతి చర్య నడవదు, ఎన్ఏడీపీహెచ్ ఖర్చవదు, ఖాళీ ఎన్ఏడీపీ తిరిగి రాదు. ఖాళీ సిలిండర్ ఇస్తేనే నిండు సిలిండర్ ఇస్తారు కదా, ఇదీ అలాంటిదే. దాంతో నీరు చీలడం మందగిస్తుంది. ఒకటి రెండు బిళ్ళలు ఆలస్యంగా తేలితే కంగారు పడకండి. ఆకు తన శ్వాసక్రియలో విడిచే కార్బన్ డయాక్సైడ్‌ కొంత అక్కడే ఉంటుంది.

ఎలక్ట్రాన్లను అందుకోవడానికి వేరే ఏదైనా ఇస్తే? 1930ల చివర్లో రాబర్ట్ హిల్ చేసింది అదే. ఆకుల నుంచి హరితరేణువులను విడదీసి, ఇనుప లవణాన్ని అందించి, వెలుతురు చూపితే కార్బన్ డయాక్సైడ్ లేకుండానే ఆక్సిజన్ వచ్చింది. కాంతి చర్యకు కావలసింది కార్బన్ డయాక్సైడ్ కాదు, ఎలక్ట్రాన్లు పుచ్చుకునే అణువు.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూద్దాం. మెల్విన్ కాల్విన్ బృందం రేడియోధార్మిక కార్బన్ ఇచ్చిన శైవలాల మీద దీపం ఆర్పి, లోపలి పదార్థాలు ఎలా మారాయో కొలిచింది. దీపం ఆరగానే పీజీఏ పెరిగింది, ఆర్‌యూబీపీ తగ్గిపోయింది. అంటే కార్బన్ డయాక్సైడ్ అతుక్కునే పని చీకట్లోనూ కాసేపు సాగింది. కానీ ఏర్పడిన పీజీఏను ముందుకు నడపడానికి ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అందలేదు, కాబట్టి ఆర్‌యూబీపీ మళ్లీ తయారవలేదు. వెలుతురు ఉంచి కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తే దీనికి తలకిందులుగా జరిగింది: ఆర్‌యూబీపీ పేరుకుంది, పీజీఏ తగ్గింది. ఏ మెట్టు దగ్గర ఏది ఆగిందో ఈ రెండు కొలతలే చెబుతాయి.

ఆకులో ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ పెద్ద నిల్వలుగా ఉండవు, వెలుతురు పోయిన కాసేపటికే అడుగంటుతాయి. ఇంకో సంగతి, పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. నిష్కాంతి చర్యలోని కొన్ని ఎంజైములు చురుగ్గా ఉండాలన్నా కాంతి చర్య నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు అందాలి. చీకటి పడితే అవీ మందగిస్తాయి. కాబట్టి పరీక్షలో ఇలా రాయండి: నిష్కాంతి చర్య నేరుగా వెలుతురును వాడుకోదు, కానీ మొక్కల్లో అది నడిచేది పగలే.

రణపాల, కలబంద లాంటి మొక్కలు రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి కదా అని అడగొచ్చు. తీసుకుంటాయి, కానీ దాన్ని ఆమ్లంగా దాచుకుంటాయి. చక్కెర తయారీ మాత్రం పగలే. వచ్చే భాగం దాని గురించే. కుండీలో రణపాల ఉంటే, తెల్లవారకముందు ఒక ఆకు, ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం 4 గంటలకు ఒక ఆకు కోసి, రెండింటి రసాన్నీ పీహెచ్ కాగితం మీద అద్ది, రంగులు రాసి పెట్టుకోండి.