ఉల్లి వేరు స్లైడ్ లెక్కించే ముందు: ఇంటర్‌ఫేజ్ కణాలను వదిలేయకండి

మొన్న కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో జరిగిన బోటనీ ప్రాక్టికల్స్‌లో సగం బ్యాచ్ ఒకే జవాబు రాసింది: ఉల్లి వేరు కణంలో ప్రొఫేజ్‌కు 14 గంటలు పడుతుందని. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడమ్ “మరి ఇంటర్‌ఫేజ్‌కు ఎంత సమయం మిగిలిందమ్మా?” అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. స్లైడ్లు బాగున్నాయి, రంగు బాగా పట్టింది, దశలు గుర్తుపట్టడంలో తప్పు లేదు. అయినా మార్కులు పోయాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు పిల్లలకు ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

వేరు కొన కోయడం, ఆమ్లంలో వేడి చేయడం, అసిటోకార్మిన్ వేయడం, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కడం మీకు వచ్చు. వాటి జోలికి పోను. ఏటా పిల్లలను ముంచుతున్నది ఒక్కటే తప్పు: ఇంటర్‌ఫేజ్ కణాలను లెక్కలోంచి జారవిడవడం.

ఆ బ్యాచ్‌లో జరిగింది ఇదీ. ఒక స్లైడ్‌లో 400 కణాలు లెక్కించారు. ఇంటర్‌ఫేజ్ 352, ప్రొఫేజ్ 28, మెటాఫేజ్ 9, అనాఫేజ్ 5, టీలోఫేజ్ 6. కణచక్రం 24 గంటలు, అంటే 1440 నిమిషాలు అని మాన్యువల్ ఇచ్చింది. సూత్రం చిన్నదే:

దశకు పట్టే సమయం = (ఆ దశలో ఉన్న కణాలు ÷ లెక్కించిన మొత్తం కణాలు) × కణచక్రం మొత్తం సమయం

28ని 400తో భాగించి 1440తో గుణిస్తే ప్రొఫేజ్‌కు దాదాపు 101 నిమిషాలు వస్తుంది. మెటాఫేజ్‌కు 32, అనాఫేజ్‌కు 18, టీలోఫేజ్‌కు 22 నిమిషాలు. విభజన మొత్తానికి మూడు గంటల లోపే. మిగతా 21 గంటల పైచిలుకు ఇంటర్‌ఫేజ్‌దే.

పిల్లలేమో ‘విభజనలో ఉన్న కణాలు 48 కదా’ అని 28ని 48తో భాగించి, దాన్ని 24 గంటలతో గుణించారు. అలా వచ్చిందే ఆ 14 గంటలు. ఈ తప్పును పట్టుకోవడం తేలిక. మీ నాలుగు దశల సమయాలూ కూడి చూడండి. సరిగ్గా 24 గంటలు వచ్చిందంటే ఇంటర్‌ఫేజ్‌కు సున్నా మిగిలింది. ఆ పేజీ కొట్టేసి మళ్లీ చేయండి.

అసలు కణాల లెక్క నుంచి సమయం ఎలా వస్తుందో మనసులో నిలబడితే ఈ తప్పు జరగదు. నరసాపురం రేవులో నిలబడి వేళాపాళా లేకుండా వందసార్లు పంటు వైపు చూశారనుకోండి. ముప్పైసార్లు నది మధ్యలో కనిపిస్తే, దాని మొత్తం సమయంలో ముప్పై శాతం నది మీదే గడుస్తోందని చెప్పగలరు. కానీ పంటు నది మధ్యలో ఉన్నప్పుడే చూస్తే ఆ వందకు అర్థం లేదు. రేవులో ఆగి ఉన్న వేళలూ లెక్కలోకి రావాలి. ఆగి ఉన్న ఆ పంటే మీ ఇంటర్‌ఫేజ్ కణం.

ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది, అది మరీ ప్రమాదం. ఈసారి భాగహారం సరిగ్గానే ఉంటుంది, తప్పు మైక్రోస్కోప్ దగ్గరే జరిగిపోతుంది. అందమైన మెటాఫేజ్ ఎక్కడుందా అని స్లైడంతా వెతికి, విభజనలు గుంపుగా ఉన్న చోట ఆగి అక్కడే లెక్కిస్తారు. అలా అవే 48 విభజన కణాలకు చుట్టూ 72 ఇంటర్‌ఫేజ్ కణాలే దొరికాయనుకుందాం. మొత్తం 120. ఇప్పుడు ప్రొఫేజ్ 336 నిమిషాలు, అంటే ఐదున్నర గంటల పైనే. కూడిక చూసుకున్నా తప్పు బయటపడదు. బొమ్మ గీయడానికి మంచి కణం వెతుక్కోండి, ఫర్వాలేదు. లెక్కించడానికి మాత్రం వెతకకూడదు. తక్కువ మాగ్నిఫికేషన్‌లో విభజన జరిగే ప్రాంతం ఎక్కడిదాకా ఉందో చూసుకుని, 40ఎక్స్‌కు మారాక స్టేజిని ఒక వరసలో జరుపుతూ, ఫీల్డ్‌లో కనిపించిన ప్రతి కణాన్నీ లెక్కించాలి. బోసిగా ఉన్న ఫీల్డ్‌ను కూడా దాటేయకూడదు.

అలాగని ఎడాపెడా ఇంటర్‌ఫేజ్ కణాలను పోగేయడమూ తప్పే. కొన నుంచి పైకి వెళ్తే కణాలు పొడుగు సాగుతాయి. అవి విభజన మానేసి పెరుగుదలలో పడ్డవి. వాటి కేంద్రకం ఇంటర్‌ఫేజ్‌లాగే కనిపిస్తుంది, కానీ అవి ఈ చక్రంలో లేవు. వాటిని కలిపితే ప్రొఫేజ్ 101 నిమిషాల నుంచి ఏ 60కో పడిపోతుంది. చిన్నగా, చదరంగా, నిండు కేంద్రకంతో ఉన్న కణాల దగ్గరే ఆగండి.

ఇక ఆ 24 గంటల సంగతి. అది మాన్యువల్ ఇచ్చిన అంకె, మీ స్లైడ్ చెప్పింది కాదు. స్లైడ్ చెప్పేది నిష్పత్తి ఒక్కటే. ఒక హద్దు వరకు వేడి పెరిగేకొద్దీ చక్రం వేగంగా తిరుగుతుంది. డెల్టాలో వేసవి గదిలో వేర్లు పెంచిన ఉల్లికీ, చల్లని గదిలో పెంచిన దానికీ ఒకే చక్రం ఉండదు. చక్రం నిజానికి 16 గంటలే అయితే మీ 101 నిమిషాలు 67 అయిపోతాయి. అందుకే ‘చక్రం 24 గంటలు అనుకుంటే’ అనే మాట జవాబులో తప్పక రాయండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ప్రొఫేజ్ ఎక్కడ మొదలవుతుందో లెక్క మొదలుపెట్టకముందే తేల్చుకోండి. పోగులు విడిగా కనబడితేనే ప్రొఫేజ్ అనుకున్నారా, చివరి కణం దాకా అదే పాటించండి. మధ్యలో మనసు మార్చుకుంటే అప్పటిదాకా లెక్కించిందంతా పనికిరాదు.

టీలోఫేజ్‌లో రెండు కేంద్రకాలు కనిపిస్తాయి, కణం ఒకటే. రెండుగా వేయకండి. మధ్యలో గోడ పూర్తయ్యాకే రెండు ఇంటర్‌ఫేజ్ కణాలు.

క్రోమోజోమ్‌లు లెక్కపెట్టడానికి కాల్చిసిన్‌తోనో పారాడైక్లోరోబెంజీన్‌తోనో సిద్ధం చేసిన స్లైడ్‌ను ఈ పనికి ముట్టుకోవద్దు. ఆ మందులు కణాలను మెటాఫేజ్ దగ్గర ఆపేస్తాయి, మెటాఫేజ్ సమయం లేనిపోనిదిగా పెరుగుతుంది.

ఐదు అనాఫేజ్‌లు చూసి ‘18.0 నిమిషాలు’ అని రాయకండి. ఇంకో స్లైడ్‌లో మూడు రావచ్చు, ఏడు రావచ్చు. అంటే 11 నుంచి 25 నిమిషాల దాకా ఏదైనా కావచ్చు. బ్యాచ్ లెక్కలన్నీ కలిపాకే ఆ అంకెను నమ్మండి.

అందరూ ఒకే వేరు కొన వాడకండి.

పక్కవాళ్ల అంకెలు ఎక్కించుకోకండి.

ఏ దశో తేలని కణాలకు పట్టికలో వేరే గడి పెట్టండి. వాటిని మాయం చేయకండి. అవి ఎక్కువయ్యాయంటే స్లైడ్ సరిగ్గా నలగలేదు, కొత్తది చేసుకోండి.

మొత్తం కణాల గడి నింపకుండా భాగహారం మొదలుపెట్టొద్దు. ఇంటర్‌ఫేజ్ గడి ఖాళీగా ఉంటే పెన్ను కింద పెట్టి మళ్లీ మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లండి.