గ్రాఫ్ చదునైతే ఏటీపీ ఖర్చయినట్టేనా?

సమస్య

నల్గొండలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే బైపీసీ పిల్లల పేపర్లలో ఏటా కనిపించే తప్పు ఇది. ఎర్ర రక్తకణాల బయట గ్లూకోజ్‌ను పెంచుతూ పోతే, అది లోపలికి వెళ్ళే వేగం మొదట పెరిగి తర్వాత ఒకచోట ఆగిపోతుంది. ఆ గ్రాఫ్ ఇచ్చి ఏ రవాణా అని అడిగితే, "వాహక ప్రోటీన్ ఉంది, కాబట్టి సక్రియా రవాణా" అని రాస్తారు.

కారణం

గేటునూ మోటరునూ ఒకటే అనుకోవడం. సాగర్ ఎడమ కాల్వకు గేట్లున్నాయి, కానీ నీళ్ళు పల్లానికే పోతాయి, కరెంటు అక్కర్లేదు. అదే సాగర్ నీళ్ళు అక్కంపల్లి రిజర్వాయర్‌కు ఎక్కాలంటే పుట్టంగండి దగ్గర మోటర్లు తిరగాల్సిందే. ఏటీపీ అక్కర్లేని సులభతర విసరణలోనూ, ఏటీపీ ఖర్చయ్యే సక్రియా రవాణాలోనూ వాహక ప్రోటీన్ ఉంటుంది. అది అణువును పట్టుకుని, ఆకారం మార్చుకుని, అవతల వదలాలి. ఉన్న వాహకాలన్నీ బిజీ అయ్యాక వేగం ఇక పెరగదు. గ్రాఫ్ చదునుకావడం చెప్పేది ఇంతే, ఏటీపీ గురించి ఏమీ చెప్పదు.

పరిష్కారం

ముందు గాఢత వాలు ఎటుందో, అంటే గ్లూకోజ్ ఎటు ఎక్కువ, ఎటు తక్కువ ఉందో చూడండి. ప్లాస్మాలో గ్లూకోజ్ లీటరుకు సుమారు 5 మిల్లీమోల్స్. కణంలోకి రాగానే హెక్సోకైనేజ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది కాబట్టి లోపల ఎప్పుడూ తక్కువే. ఆ ఫాస్ఫేట్ ఏటీపీదే (ఇక్కడే చాలామంది జారిపడతారు), అయితే ఆ ఖర్చు పొర దాటాక జరిగింది. పొర దాటించే వాహకం గ్లట్1 ఏటీపీని ముట్టుకోదు. కాబట్టి ఇది సులభతర విసరణ.

తర్వాత, ఏటీపీ ఆగిపోతే ఏమవుతుందో అడగండి. గ్లట్1 మాత్రం లోపలా బయటా గ్లూకోజ్ సమానమయ్యేదాకా పని చేస్తూనే ఉంటుంది. అదే కణంలోని సోడియం-పొటాషియం పంపు అలా కాదు. ఒక్క ఏటీపీకి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, రెండూ ఎదురు వాలుకే. బ్లడ్ బ్యాంకులో సంచిని 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఉంచితే ఆ పంపు దాదాపు పడుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ పొటాషియం కణాల్లోంచి కారి, సంచిలోని ప్లాస్మాలో పెరుగుతుంది. సక్రియా రవాణా ఆగిందనడానికి గుర్తు అదే.

అయినా తేడా కొడితే

ప్రశ్న చిన్నపేగు కణం గురించేమో చూడండి. పేగు వైపు పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకం ఒక గ్లూకోజ్‌ను 2 సోడియం అయాన్లతో కలిపి, ఎదురు వాలుకైనా లోపలికి తెస్తుంది. ఇది కూడా ఏటీపీని నేరుగా వాడదు. కానీ సోడియం లోపలికి జారేంత వాలును నిలబెట్టేది రక్తం వైపు పొరలోని పంపు, దానికి ఏటీపీ కావాలి. అందుకే దీన్ని ద్వితీయ సక్రియా రవాణా అంటారు. గ్లూకోజ్ అక్కణ్ణుంచి రక్తంలోకి గ్లట్2 ద్వారా పోతుంది, అది మళ్ళీ పల్లానికే. ఓఆర్ఎస్‌లో ఉప్పుతోపాటు చక్కెర కలిపేది ఎస్‌జీఎల్‌టీ1 కోసమే.