అందరికీ 3 పడుతోందా? రూబ్రిక్‌లో నాలుగు స్థాయిలా, ఐదా: సమస్య - పరిష్కారం

ప్రాజెక్టు రిపోర్టులు దిద్దడానికి ఐదు స్థాయిల రూబ్రిక్ వాడేవాళ్లం, అంటే చూడాల్సిన ఒక్కో అంశానికి ఒక వరుస, ఒక్కో స్థాయికి ఒక గడి ఉన్న పట్టిక. తొమ్మిదో తరగతిలో 36 మంది, అంశం 'మన ఊరికి తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి'. దిద్దడం పూర్తయ్యాక లెక్క చూసుకుంటే నేను 23 మందికి 3 వేశాను. అవే రిపోర్టులు దిద్దిన తోటి మేడం 21 మందికి 3 వేశారు. స్టాఫ్ రూములో వెంటనే వచ్చిన సలహా ఒక్కటే: "మధ్య గడి తీసేయండి సార్, నాలుగు పెట్టుకుంటే సరిపోతుంది." చివరికి మేం నాలుగుకే వచ్చాం కానీ, గడి కొట్టేసి రాలేదు. వచ్చిన దారి కింద రాస్తున్నాను.

లక్షణం: సగానికి పైగా పిల్లలు మధ్య స్థాయిలోనే పడుతున్నారు

ఇక్కడ అందరికీ తట్టే కారణం, దిద్దేవాళ్లకు తెగింపు లేదని. అది కొంత నిజమే. 1 వేస్తే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, 5 వేస్తే ఎందుకు వేశావని అడుగుతారు, 3 వేస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ నాలుగు స్థాయిలకు మార్చే ముందు ఒక పని చేసి చూడండి. 3 పడిన రిపోర్టులన్నీ పక్కకు తీసి, మార్కులు కనపడకుండా చేసి, ఒకే రకంగా ఉన్నవాటిని ఒక కుప్పగా పెట్టండి.

నా 23 మూడు కుప్పలయ్యాయి. తొమ్మిది మంది ట్యాంకు దగ్గరికి వెళ్లి, నీళ్లు వదిలే అతన్నీ, బోరు ఉన్న ఇళ్లవాళ్లనీ అడిగి వచ్చారు. రోజుకు ఎన్ని గంటలు వదులుతారు, ఎండాకాలంలో ఎంత తగ్గుతుంది, అన్నీ ఉన్నాయి. రాత మాత్రం కొట్టివేతలు, బాణం గుర్తులు. ఇంకో పది రిపోర్టులు చూడముచ్చటగా ఉన్నాయి. స్కెచ్ పెన్ను మార్జిన్లు, రంగుల హెడ్డింగులు. లోపల ఉన్నది మాత్రం నెట్‌లో దొరికిన నీటి చక్రం, ఊరి పేరు ఒక్కసారి. మిగిలిన నాలుగు ఏ కుప్పలోకీ చేరలేదు.

మొదటి తొమ్మిదికీ, తర్వాతి పదికీ ఒకే 3 ఎలా పడింది? రూబ్రిక్‌లో ఆ వరుస ఇలా ఉంది: 'సమాచారం బాగా సేకరించి, చక్కగా అమర్చాడు'. ఒక వరుసలో రెండు పనులు. ఒకటి బాగా చేసి, రెండోది చేయనివాడికి మనసులోనే సగటు కట్టి 3 వేసేశాం. ఇది స్థాయిల సంఖ్య తెచ్చిన రోగం కాదు. అప్పుడే నాలుగుకు మార్చి ఉంటే ఈ పంతొమ్మిది మంది చెరి సగం 2లోకీ 3లోకీ, చేయి ఎటు తిరిగితే అటు, పడేవాళ్లు.

పరిష్కారం: ముందు వరుసను చీల్చండి. సేకరణ ఒక వరుస, అమరిక ఇంకో వరుస. ఐదు స్థాయిలు అలాగే ఉంచి మళ్లీ దిద్దితే, సేకరణలో తొమ్మిది మందీ 4కు వెళ్లారు, పది మందీ 2కు దిగారు. మధ్యలో మిగిలింది ఆ నలుగురే.

లక్షణం: ఇద్దరి మార్కులూ కలుస్తున్నాయి, కారణాలు కలవడం లేదు

మొదటిసారి దిద్దినప్పుడు 17 రిపోర్టులకు మేడం, నేను ఇద్దరం 3 వేశాం. చూడటానికి మంచి పొత్తే. ఒక రిపోర్టు తీసి అడిగాను: "మేడం, దీనికి 3 ఎందుకు?" "నీట్‌గా ఉంది కదా సార్, కానీ కాపీ." నేను వేసిన ఇంకో 3 చూపించి ఆవిడ అడిగితే నా జవాబు సరిగ్గా తిరగేసి వచ్చింది. ఇద్దరూ ఎక్కువ మందికి 3 వేస్తే మార్కులు కలవక ఏం చేస్తాయి? అందుకని పొత్తు చూసేటప్పుడు 3లను పక్కన పెట్టి, మిగతావాటిలో ఎన్ని కలిశాయో లెక్కపెట్టండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

లక్షణం: మధ్య గడిలో 'కొంతవరకు', 'ఓ మోస్తరుగా' తప్ప ఏమీ రాయలేకపోతున్నాం

సర్వే ఫారంలో మధ్య గడికి ఒక అర్థం ఉంది: అటూ కాదు, ఇటూ కాదు. రూబ్రిక్‌లో ఆ అర్థం చెల్లదు. రిపోర్టు మన ఎదురుగానే ఉంది, అందులో ఏదో ఒకటి కనపడాలి. కాబట్టి మధ్య స్థాయి ఉండాలా వద్దా అనే ప్రశ్నకు నా పరీక్ష ఒక్కటే. పక్క గడుల మాటలు వాడకుండా, రిపోర్టులో వేలు పెట్టి చూపించగలిగే వాక్యం ఆ గడికి రాయగలరా? రాయగలిగితే ఉంచండి.

మిగిలిన నలుగురి రిపోర్టులు మళ్లీ చదివితే వాక్యం దొరికింది: 'ఒక్కరినే అడిగాడు, చెప్పింది చెప్పినట్టు రాశాడు.' అంటే సేకరణ వరుసలో నిజమైన మధ్య స్థాయి ఉంది. కింద నుంచి చూస్తే: మొత్తం కాపీ, కాపీలో ఊరి వివరాలు ఒకటి రెండు, ఒక్కరిని అడగడం, ఇద్దరిని అడగడం, ఇద్దరు చెప్పిందీ పోల్చి, తేడా ఎందుకుందో రాయడం. అమరిక వరుసలో మాత్రం ఎంత తన్నుకున్నా ఐదు వాక్యాలు రాలేదు.

అయినా నాలుగుకే ఎందుకు వచ్చాం?

ఎందుకంటే రూబ్రిక్‌తో మేం ఒక నిర్ణయం తీసుకోవాలి: రిపోర్టు ఒప్పుకోవాలా, మళ్లీ చేసుకురమ్మనాలా. ఐదు స్థాయిల్లో ఈ గీత 3కు పైన వెళ్తుందో, కింద వెళ్తుందో ఎవరూ రాసిపెట్టలేదు. రోజుకో రకంగా నడిచింది. అవును-కాదు నిర్ణయం ఉన్నచోట సరి సంఖ్య సుఖం, ఎందుకంటే గీత రెండు స్థాయిల మధ్య పడుతుంది. మన పిల్లలు రాసే జీఆర్‌ఈ వ్యాసానికి 6 వరకు స్కోరు ఉంటుంది, అక్కడ 4 అంటే చాలినంత, 3 అంటే పరిమితం. ఆ రెంటి మధ్య ఎటూ కాని గడి లేదు.

ఒక్కరినే అడిగివచ్చినవాడు ఇంకొకరిని అడిగి రావాలి అని నిర్ణయించుకున్నాం. రెండు రకాల కాపీకీ చెప్పేది ఒకటే కాబట్టి అవి కలిసిపోయాయి. అలా తేలినవి: 1 కాపీ, 2 ఒక్కరిని అడిగాడు, 3 ఇద్దరిని అడిగాడు, 4 పోల్చి కారణం చెప్పాడు. గీత 2కూ 3కూ మధ్య. అసలు ఇవ్వనివాడికి 0, అది స్థాయిల లెక్కలోకి రాదు.

ఇలాంటి నిర్ణయం ఏదీ లేకుండా, ఏడాది పొడవునా పిల్లవాడు ఎంత ఎదిగాడో చూడటానికే అయితే, ఐదుకూ వాక్యాలు ఉన్నప్పుడు ఐదే ఉంచండి. చిన్న ఎదుగుదల నాలుగులో కనపడదు.

లక్షణం: నాలుగుకు మార్చాక 2.5 వేస్తున్నారు

తీసేసిన మధ్య గడి దొడ్డిదారిన వచ్చిందన్నమాట. గీత దగ్గర ప్రశ్న స్పష్టంగా లేకపోతే ఇది తప్పదు. మా గీతకు ప్రశ్న: 'రెండో మనిషి మాట రిపోర్టులో ఎక్కడుంది?' చూపించగలిగితే 3, లేకపోతే 2. దీంతోపాటు గీతకు అటొకటి ఇటొకటి పాత రిపోర్టుల జిరాక్సులు బల్ల మీద ఉంచుకుంటాం. అప్పటికీ తేలనివి ఒకటి రెండు ఉంటాయి. వాటిని ఇంకొకరు చదవాలి. నాలుగు స్థాయిలతో సందేహం పోదు, ఒక చోటికి చేరుతుంది, అంతే.

లక్షణం: పని అదే, మార్కు తగ్గింది

ప్రాజెక్టుకు 10 మార్కులు. పాత పద్ధతిలో ఒక్కరిని అడిగినవాడికి ఐదింట 3, అంటే 6. కొత్తదానిలో నాలుగింట 2, అంటే 5. తల్లిదండ్రులు అడగనే అడుగుతారు. స్థాయిని భాగహారం చేసి మార్కుగా మార్చకండి. ఒక్కో స్థాయికి ఎన్ని మార్కులో ముందే రాసుకోండి. మేం 4, 6, 8, 10 పెట్టుకున్నాం. పాత 6 కొత్తదానిలోనూ 6గానే ఉంది.