ఇంటర్వ్యూకి వేసిన రంగు విగ్గులా కనిపిస్తోందా?

సమస్య: ఇంట్లో అద్దంలో బాగానే ఉంది. ఎండలో ఫోటో తీస్తే మాత్రం జుట్టంతా సిరా పోసినట్టు ఒకే నల్లటి ముద్ద.

ముందు చూడాల్సింది ఒక్కటే, దాన్నే అందరూ వదిలేస్తారు. రంగు తగలని వెంట్రుకలు మెడ వెనక ఉంటే ఒక పాయ తీసి, పగలు కిటికీ దగ్గర చూడండి. బాత్‌రూమ్ లైటు వద్దు. "నాది నల్ల జుట్టే" అనుకునే చాలామందిది నిజానికి ముదురు గోధుమ రంగు. డబ్బా మీది నంబర్లలో సాధారణంగా 1 అంటే పూర్తి నలుపు, 3 ముదురు బ్రౌన్, 4 మధ్యస్థ బ్రౌన్. మీది 3 అయితే 1 వేసుకోవడం వల్లే విగ్గులా ఉంటుంది.

షేడ్ సరిగ్గానే ఎంచుకున్నా నల్లబడుతోందా? అసలు దొంగ ఇక్కడున్నాడు: పాత రంగు. నెలనెలా కుదుళ్ల నుంచి చివరిదాకా రంగు పట్టిస్తే, చివర్లలో పొర మీద పొర చేరుతుంది. పైగా రంగు వేసిన జుట్టు మీద లేత రంగు పూస్తే పాత రంగు లేతబడదు. నాకిది తెలియక మా బావగారి దగ్గర తిట్లు తిన్నాను. ఆయన ఏడాదిగా 1 వాడుతున్నారు. ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు తలంతా 4 పట్టించాను. కొత్తగా పెరిగిన రెండు సెంటీమీటర్లు ఎర్రటి బ్రౌన్‌గా తేలాయి, మిగతాది బొగ్గులాగే ఉంది. తల మీద గీత గీసినట్టు రెండు రంగులు!

అప్పుడు చేసిందిది: కుదుళ్లకు మాత్రమే 3 వేసి, చివర్లు పొట్టిగా కత్తిరించాం. మగవాళ్లకు ఇదే తేలిక. పొడవు జుట్టయితే పాత రంగు తీసే పని సెలూన్‌లోనే చేయించాలి. అంత టైమ్ లేకపోతే కుదుళ్లనే చివర్ల నలుపుకి దగ్గరగా తెచ్చి, గీత కనపడకుండా చూసుకోండి. ఇక మీదట రంగు కుదుళ్లకే. చివర్లు వెలిసినట్టుంటే ఆఖరి ఐదు నిమిషాలు తాకించండి, చాలు.

ఎండలో ఎర్రగా మెరుస్తోందా? నంబరు తర్వాత చుక్క పెట్టి 1 ఉంటే, అంటే 4.1 లాంటిదైతే, చాలా కంపెనీల్లో అది ఎరుపు తగ్గించే యాష్ షేడ్. తెల్ల వెంట్రుకలు ఎక్కువుంటే దాన్నొక్కదాన్నే వాడకండి, బూడిద రంగుగా మిగులుతుంది. మామూలు 4తో సగం సగం కలపండి.

నీళ్లలో తేడా, షాంపూలో తేడా అంటూ వెతకడం దండగ. ఆ కేసులు అరుదు.

రంగు ఇంటర్వ్యూకి వారం ముందే వేయండి. నుదురు మీద మరకలు పోతాయి, తలస్నానాలకు కొత్త మెరుపు కాస్త తగ్గుతుంది, తేడా వస్తే దిద్దుకునే టైమూ ఉంటుంది. రంగు వేసే 48 గంటల ముందు చర్మం మీద కొద్దిగా రాసి దురద వస్తుందేమో చూడండి, ఇన్నాళ్లూ పడిన కంపెనీ అయినా సరే.