పండక్కి ఫ్రెండ్‌కి కారు ఇస్తున్నారా? తాళం చేతిలో పెట్టే ముందు చూసుకోవాల్సినవి

సంక్రాంతికి ఊరెళ్లాలి, బస్సుల్లో సీట్లు లేవు, నాలుగు రోజులు కారు ఇస్తావా అని ఫ్రెండ్ అడుగుతాడు. ఇస్తే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అన్నది మొదటి అనుమానం. మన దేశంలో కారు పాలసీ బండిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఓనర్ అనుమతితో ఎవరు నడిపినా, వాళ్లకు ఆ బండికి చెల్లే లైసెన్స్ ఉంటే కవర్ అవుతుంది. కాబట్టి లైసెన్స్‌ను డిజీలాకర్‌లో తెరిపించి, గడువు తేదీ మీ కళ్లతో చూడండి. తాగి నడిపినా, పెట్రోల్ ఖర్చుల కోసమని కిరాయికి మనుషుల్ని ఎక్కించుకున్నా మీ కారు రిపేరు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఈ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పేయండి.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్‌కు మాత్రమే. తప్పు ఫ్రెండ్‌దై అతనికే దెబ్బలు తగిలితే ఆ డబ్బు రాదు. బండి అడిగి తీసుకున్నవాడిని కోర్టులు ఓనర్ స్థానంలోనే చూస్తాయి కాబట్టి థర్డ్ పార్టీ కింద కూడా మీ కంపెనీని అడగలేడు. అతనికి సొంతంగా యాక్సిడెంట్ పాలసీ ఉందో లేదో కనుక్కోండి. ఇది నాకు లైసెన్స్ కంటే ముఖ్యమనిపిస్తుంది.

ప్రమాదం జరిగితే క్లెయిమ్ వేయాల్సింది పాలసీ ఉన్న మీరే. బండి కదపకముందే ఫొటోలు తీయమనండి, వెంటనే కంపెనీకి ఫోన్ చేయండి. ఎవరికైనా గాయాలైతే పోలీసులకూ చెప్పాలి. ఫారంలో డ్రైవర్ పేరు దగ్గర ఫ్రెండ్ పేరే రాయండి. టెన్షన్‌లో "నేనే నడిపాను" అని రాస్తే, ఎఫ్‌ఐఆర్‌లోనో ఆసుపత్రి కాగితాల్లోనో అసలు పేరు బయటపడి, రావాల్సిన క్లెయిమ్ కూడా పోతుంది. సర్వేయర్ చూడకముందు షెడ్డులో పని మొదలుపెట్టనివ్వకండి.

ఇక డబ్బు లెక్క. 1200 సీసీ కారు, అరుగుదల కోత లేకుండా భాగాల ఖర్చు ఇచ్చే జీరో డిప్రిసియేషన్ లేదు, బంపర్, హెడ్‌లైట్ పోయాయి అనుకుందాం. ప్లాస్టిక్ భాగాలు 24,000, కూలి 6,000. ప్లాస్టిక్‌కు సగమే ఇస్తారు, అంటే 12,000. కూలి కలిపి, తప్పనిసరి కోత 1,000 తీసేస్తే కంపెనీ ఇచ్చేది 17,000. చేతి నుంచి 13,000 పడుతుంది. పైగా క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోయేది మీది. ఇప్పుడు 35 శాతం ఉంటే, వచ్చే ఏడాది 45 కావాల్సింది సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అయితే ఆ ఒక్క ఏడాదిలోనే 3,600 నష్టం, ఆ తర్వాతి ఏడాది 50 శాతం బదులు 20 శాతమే వస్తుంది కాబట్టి ఇంకో 2,400. చిన్న సొట్టకు క్లెయిమ్ వేయకుండా చేతి డబ్బుతో బాగు చేయించుకోవడమే మేలు. ఈ 13,000, పోయిన బోనస్ ఎవరు భరించాలో తాళం ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి.