పెట్టెలో డబ్బు సరిగ్గానే ఉంది, లెడ్జర్ మాత్రం తేడా చూపిస్తోంది

పెట్టీ క్యాష్ తేలడం లేదని నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ మంది పెట్టె తెరిచి లెక్కపెట్టకుండానే వస్తారు. చేతిలోని నగదు, ఇంకా డబ్బు రాని ఓచర్లు, సిబ్బందికి అడ్వాన్సుగా ఇచ్చిన చీటీలు కలిపితే ఇంప్రెస్ట్, అంటే పెట్టెకు కేటాయించిన స్థిర మొత్తం, రావాలి. రాకపోతే లోపం పెట్టెలోనే ఉంది. చాలాసార్లు అది సొరుగులో మరచిపోయిన అడ్వాన్సు చీటీయే.

అసలు చిక్కు, పెట్టె తేలినా లెడ్జర్ తేలనప్పుడు వస్తుంది. ఒక శాఖా కార్యాలయంలో ఇంప్రెస్ట్ రూ. 10,000. నెలాఖరుకు ప్రయాణాలకు 3,400, స్టేషనరీకి 1,900, తపాలాకు 1,150, టీకి 900, వెరసి రూ. 7,350 ఓచర్లు ఉన్నాయి. పెట్టెలో 2,650 మిగిలింది. బ్యాంకు నుంచి 7,350 తెచ్చి పెట్టె నింపారు. అయినా లెడ్జర్‌లో నిల్వ 2,650 దగ్గరే ఆగిపోయింది. మరుసటి నెల రూ. 6,000 ఖర్చయ్యేసరికి నిల్వ మైనస్ 3,350కి దిగింది. పెట్టె లెక్క ఎప్పుడూ సరిపోతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మొదటిసారి నేను కూడా దొంగతనం కోసమే వెతికి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

కారణం, రెండు పద్ధతులు కలిసిపోవడం. క్యాషియర్ ప్రతి ఓచర్‌కూ ఖర్చు ఖాతా డెబిట్, పెట్టీ క్యాష్ క్రెడిట్ రాస్తున్నారు. పెట్టె నింపేటప్పుడు అకౌంటెంట్ మళ్ళీ ఖర్చులనే డెబిట్ చేసి బ్యాంకును క్రెడిట్ చేశారు. దాంతో ఖర్చు 14,700గా రెండింతలయింది. నింపిన తర్వాత కూడా లెడ్జర్‌లో తేడా సరిగ్గా నింపిన మొత్తమంతే ఉంటే, కారణం ఇదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. లెడ్జర్ 17,350 చూపిస్తే తప్పు తిరగబడిందని అర్థం: ఓచర్లు రాయలేదు, నింపినప్పుడు మాత్రం పెట్టీ క్యాష్‌ను డెబిట్ చేశారు.

ఓచర్లు రోజూ రాసే చోట నింపే ఎంట్రీ ఒక్కటే ఉండాలి: పెట్టీ క్యాష్ డెబిట్ 7,350, బ్యాంకు క్రెడిట్ 7,350. టాలీలో దీన్ని కాంట్రా (F4)లో రాయాలి. తప్పు ఎంట్రీని మార్చే వీలు లేకపోతే పెట్టీ క్యాష్‌ను 7,350కి డెబిట్ చేసి, పైన చెప్పిన నాలుగు ఖర్చులను విడివిడిగా క్రెడిట్ చేయాలి. మొత్తాన్ని ఇతర ఖర్చులకు నెట్టేస్తే ఒక ఖాతాలో మిగులు, మరొక ఖాతాలో లోటు నిలిచిపోతాయి. లెడ్జర్ 17,350 చూపించే చోట చేయవలసింది వేరు: రాయకుండా వదిలేసిన ఓచర్లను ఆయా ఖర్చులకు డెబిట్ చేసి, పెట్టీ క్యాష్‌ను క్రెడిట్ చేయాలి.

నింపినప్పుడే ఖర్చు రాసే కార్యాలయాలు మార్చి 31న పెట్టెలో మిగిలిన ఓచర్లను ఆ రోజే లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే అవి ఏప్రిల్ ఖర్చుగా మారతాయి. నకిలీ నోట్లు, కూడికల పొరపాట్లు వంటివి అరుదు. పెట్టె లెక్క, లెడ్జర్ ఎంట్రీలు చూశాకే వాటి జోలికి వెళ్ళండి.